ఇన్వెస్టర్ చివరిదాకా చదివే ఒక్క పేజీ

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఆఖరి సంవత్సరం. ఇద్దరు స్నేహితులతో కలిసి మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సెన్సర్లు పెట్టే కంపెనీ మొదలుపెట్టాడు. ఐదు పేజీల ఎగ్జిక్యూటివ్ సమ్మరీ రాసి ముప్పై మంది ఇన్వెస్టర్లకు పంపితే ఒక్కరూ జవాబివ్వలేదు. ఒక కన్సల్టెంటు యాభై వేలిస్తే రాసిపెడతానంటున్నాడు. ఇవ్వమంటారా, లేక ఇదంతా మానేసి ప్లేస్‌మెంట్లకు కూర్చోమని చెప్పమంటారా? వాడు రాసింది జతచేశాను. – ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: యాభై వేలు ఇవ్వకండి. కన్సల్టెంటు ఐదు పేజీలను అందంగా తిరగరాస్తాడు, అంతే. ఆ పేజీల్లో లోపం భాషది కాదు. ముప్పై మంది పలకలేదంటే మీవాడి ఆలోచన పనికిరాదని కూడా కాదు. అసలు విషయం మూడో పేజీలో ఉంది, వాళ్లెవరూ అక్కడిదాకా వచ్చి ఉండరు.

మొదటి వాక్యం చూడండి: "అత్యాధునిక సాంకేతికతతో భారత వ్యవసాయ ముఖచిత్రాన్ని మార్చే సమగ్ర వేదిక". ఇది ఎరువుల యాప్ కావచ్చు, డ్రోన్ కావచ్చు, ట్రాక్టర్ల అద్దె కావచ్చు. నిలబడి ఫోన్‌లో చదివేవాడికి ఇదేమిటో తేలకపోతే రెండో వాక్యానికి రాడు. మూడో పేజీలో మాత్రం 14 స్టోరేజీల్లో పరికరం పనిచేస్తోందని, 9 మంది యజమానులు నెలకు రూ.6,000 కడుతున్నారని ఉంది. మొత్తం కాగితంలో విలువైన మాట అదొక్కటే. దాన్ని పైకి తెస్తే మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "మిర్చి కోల్డ్ స్టోరేజీలో చల్లదనం తగ్గితే వెంటనే యజమాని ఫోన్ మోగించే పరికరం మాది, గుంటూరు చుట్టుపక్కల 14 స్టోరేజీల్లో ఉంది, 9 మంది నెలకు రూ.6,000 చొప్పున కడుతున్నారు, మిగతా 5 ఉచిత ట్రయల్." ఆ చివరి ముక్క దాచవద్దు. 14 మందీ కస్టమర్లే అన్నట్టు రాస్తే మొదటి ఫోన్‌లోనే బయటపడుతుంది, ఆ తర్వాత మిగతా అంకెలనూ ఎవరూ నమ్మరు.

రెండో పేరాలో సమస్యను యజమాని నోటి మాటగా చెప్పాలి. రాత్రి కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోయినా, కంప్రెసర్ ఆగిపోయినా తెల్లారేదాకా తెలియదు. గదిలో చెమ్మ పెరిగితే కాయ రంగు తగ్గుతుంది, బూజు పడుతుంది, మిర్చి బస్తాకు, అంటే టిక్కీకి, ధర పడిపోతుంది, రైతు వచ్చి యజమానిని నిలదీస్తాడు. ఇది నాలుగు వాక్యాల్లో అయిపోవాలి. "మాకు పోటీ లేదు" అన్న వాక్యం కొట్టేయండి. పోటీ ఉంది: థర్మామీటర్ చూసి పుస్తకంలో రాసే వాచ్‌మన్. అతనికి ఇప్పటికే జీతమిస్తున్న యజమాని, పైన ఇంకో ఆరు వేలు ఎందుకు ఇస్తున్నాడో చెప్పగలిగితే ఇన్వెస్టర్ ఆగి చదువుతాడు.

ఎక్కువ మంది పేజీ మూసేసేది మార్కెట్ పేరా దగ్గర. మీవాడు "లక్షల కోట్ల వ్యవసాయ మార్కెట్‌లో ఒక్క శాతం వచ్చినా" అని రాశాడు. ఆ ఒక్క శాతం ఎలా వస్తుందో అందులో లేదు కాబట్టి అది లెక్క కాదు. కింది నుంచి లెక్కకట్టాలి. వాడి జాబితాలోనే గుంటూరు, పల్నాడు వైపు 130 స్టోరేజీలున్నాయి. ఒక్కోటి ఏడాదికి రూ.72,000 కడితే, అందరూ చేరినా రూ.93.6 లక్షలు. కోటి కూడా దాటలేదు. పెద్ద ఫండ్లకు ఇది చిన్న లెక్క. వాటికి పంపినంతకాలం జవాబు రాదు. ఖమ్మం, వరంగల్ మిర్చి స్టోరేజీలు, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లో బంగాళాదుంప స్టోరేజీలు కలిస్తే సంగతి మారుతుంది. దేశం మొత్తం మీద కోల్డ్ స్టోరేజీలు ఎనిమిది వేలకు పైగా ఉన్నాయి; అదే ధరకు ఏడాదికి రూ.57 కోట్ల పైమాట. అయితే బంగాళాదుంప గదిలో ఇదే పరికరం పనిచేస్తుందని ఒక్కచోటైనా చూపకుండా ఆ అంకె వేయకూడదు. ప్రస్తుతానికి గుంటూరు లెక్కే వేసి, ఈ వ్యాపారం తెలిసి, సొంత డబ్బు పెట్టే ఏంజెల్ ఇన్వెస్టర్లకు పంపడం నిజాయితీ.

ఇంకో చిక్కు ఉంది, మీవాడు గమనించినట్టు లేదు. కొత్త పంట రాకముందు సరుకు తగ్గి గదులు ఖాళీ అయ్యే నెలల్లో కూడా ఈ 9 మంది ఆరు వేలు కడతారా? కట్టకపోతే పన్నెండు నెలల లెక్క తప్పు. అడిగి తెలుసుకుని ఆ జవాబును పేజీలోనే రాయమనండి.

అడిగే డబ్బు "50 లక్షల నుంచి 2 కోట్ల వరకు" అని ఉంది. అలా రాస్తే ఎంత కావాలో వాడికే తెలియదని అర్థం. ఒక్క అంకె, ఎన్ని నెలలు, ఆ డబ్బు అయిపోయేనాటికి ఎక్కడుంటారు, ఈ మూడూ కావాలి. వాడి ఖర్చుల పట్టికతోనే చేసి చూశాను: రూ.60 లక్షలు, 18 నెలలు, 14 నుంచి 100 స్టోరేజీలు. పరికరం రూ.18,000 చొప్పున 86 కొత్తచోట్లకు రూ.15.5 లక్షలు. మిగిలిన 44.5 లక్షలను 18తో భాగిస్తే నెలకు సుమారు రూ.2.5 లక్షలు, జీతాలకూ తిరుగుళ్లకూ. 100 మందీ కడితే నెలకు రూ.6 లక్షలు వస్తాయి, అంటే అప్పటికి కంపెనీ తన ఖర్చు తాను పెట్టుకోగలదు. ఈ భాగహారం ఇన్వెస్టర్ మనసులో చేసుకుంటాడు; మీవాడు ముందే చేసి చూపాలి. కంపెనీ విలువ ఎంతో ఇక్కడ రాయక్కర్లేదు, ఐదేళ్ల అంచనాల పట్టిక అసలే వద్దు.

టీమ్ గురించి మనిషికి ఒక్క వాక్యం చాలు: ఎవరు పరికరం చేశారు, ఎవరు స్టోరేజీల చుట్టూ తిరిగి అమ్మారు. మొత్తం నాలుగైదు వందల మాటలు, ఒకే పేజీ, మెయిల్‌లోనే కనబడేలా; పీడీఎఫ్ జతచేస్తే అందులోనూ ఇవే అంకెలు. పంపేముందు ఈ వ్యాపారం తెలియని ఒకరికిచ్చి ఒక్క నిమిషం చదివించి, కాగితం తీసేసుకుని, ఏం అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు, ఎంత అడుగుతున్నారు అని అడగమనండి. ఏది తడబడితే ఆ పేరా తిరగరాయాలి.

ఇక మీ అసలు భయం. కాలేజీలు విద్యార్థుల స్టార్టప్‌లను బ్యానర్లకెక్కించే తీరు నాకు నచ్చదు. ఫండింగ్ వచ్చిందన్న ఫొటో చూసి చదువు ఆఖర్లో ప్లేస్‌మెంట్ వదిలేసేవాళ్లను ఆపమనే చెబుతాను. ఇన్వెస్టర్ డబ్బు ఆదాయం కాదు. 18 నెలల గడువు. ఆ గడువు మోయడానికి ఇరవై రెండేళ్లవాడు సిద్ధమా అన్నది సమ్మరీ బాగా రాసినంత మాత్రాన తేలదు. కానీ ప్రశ్నను "ఇదా, అదా" అని పెట్టింది మీరు. ప్లేస్‌మెంట్లకు కూర్చోవడానికి కంపెనీ మూయక్కర్లేదు. ఆఫర్ వచ్చాక, చేరే తేదీలోపు, ఆ 9 మంది ఖాళీ నెలల్లోనూ కడుతున్నారో లేదో తెలిసిపోతుంది. కాగితం నాకు పంపే ముందు మీరు వాణ్ని ఆ 9 మంది ఎవరని అడిగారా? మీ మాటల్లో ఎక్కడా వాళ్ల ప్రస్తావన లేదు, యాభై వేల గురించే ఉంది. చదువుకుంటూనే తొమ్మిది మంది వ్యాపారుల దగ్గర నెలనెలా డబ్బు వసూలు చేస్తున్న కుర్రాడు ఉద్యోగానికి పనికిరాకుండా పోడు. ఇంటర్వ్యూలో ఆ మొదటి వాక్యాన్నే చెప్పమనండి. ఈ ఆదివారం వాడితో పాటు ఒక స్టోరేజీకి వెళ్లి, యజమాని ఆరు వేలు ఎందుకిస్తున్నాడో మీరే వినండి. ఆయన చెప్పిన మాటే రెండో పేరా అవుతుంది.