టెలిప్రాంప్టర్‌కు స్క్రిప్ట్ ఎలా పేర్చుకోవాలి?

గండికోట మీద వీడియో చేస్తున్నా, కెమెరా ముందు ఇదే మొదటిసారి. ప్రాంప్టర్‌లో స్క్రిప్ట్ ఎలా పెట్టుకోవాలి?

వరుసకు రెండు మూడు మాటలు చాలు. వరుస పొడవైతే కళ్లు పక్కలకు కదులుతాయి, కెమెరాలో అది తెలిసిపోతుంది. కలిపి పలికే మాటలను మాత్రం విడగొట్టొద్దు:

గండికోట దగ్గర /
పెన్నా నది
ఎర్రమల కొండలను
చీల్చుకుంటూ పారుతుంది //

‘ఎర్రమల’ దగ్గర వరుస తెగితే గొంతు అక్కడే ఆగుతుంది. ఒక గీత చిన్న విరామం, రెండు గీతలు పూర్తి ఊపిరి. వాక్యం రెండు గీతలతోనే ముగించండి.

కెమెరా దగ్గర నిలబడి కళ్లు చికిలించకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలు పెట్టండి. వరుసల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లు ఉంచాలి, లేకుంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. అంకెలను పలికినట్టే అక్షరాల్లో రాయండి.

చివరి మాటలు మింగేస్తుంటే స్క్రోల్ వేగం తగ్గించాలి.