యాప్‌లో క్రికెట్ వెనకబడటంలో మన చేతిలో ఉన్నది ఎంత?

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాను. పక్కింటివాళ్లు మ్యాచ్ కేబుల్‌లో చూస్తారు, మేము టీవీలో యాప్ పెట్టుకుని చూస్తాం. వాళ్ల ఇంట్లో కేకలు వినిపించేసరికి మాకు ఇంకా ఆ బంతే వేయలేదు. మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్. ప్లాన్ పెంచితే గానీ, ఏదైనా సెట్టింగ్ మారిస్తే గానీ ఈ తేడా పోతుందా?

జవాబు:

పూర్తిగా పోదండి. ఆ ఆలస్యంలో కొంత ప్రసారం తయారయ్యే పద్ధతిలోనే ఉంది. దాన్ని మీరూ నేనూ కదపలేం. ఇంకొంత మ్యాచ్ నడుస్తుండగా మీ ఇంట్లోనే పోగవుతూ ఉండవచ్చు. దాన్ని తప్పకుండా తీసేయవచ్చు. నేను గుంటూరులో కేబుల్, ఇంటర్నెట్ రెండూ ఇచ్చే సంస్థలో సాంకేతిక పని చూస్తాను. ఐపీఎల్ రోజుల్లో మాకు ఇదే ఫిర్యాదు వస్తూ ఉంటుంది.

ముందు కేబుల్ సంగతి. ఛానెల్ సిగ్నల్ సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి వెళ్లి మా డిష్‌కు దిగడానికి పావు సెకను చాలు. దృశ్యాన్ని కుదించడానికి, ఇతర ఛానెళ్లతో కలిపి పంపడానికి, ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ దాన్ని విప్పడానికి మరికొన్ని సెకన్లు పడతాయి. అంటే మీ పక్కింటివాళ్లు కూడా మైదానంకంటే వెనకే ఉన్నారు. అయితే అక్కడ దృశ్యం ఎక్కడా ఆగకుండా కాలువ నీరులా వస్తూనే ఉంటుంది. యాప్‌కు వచ్చేది క్యాన్లలో పట్టిన నీరు. క్యాను నిండేదాకా బండి కదలదు.

ఆ క్యాన్లే వీడియో ముక్కలు. ఇంటర్నెట్‌లో వీడియోను ఇలా ముక్కలుగా పంపడానికి ఎక్కువగా వాడే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో ఒక్కో ముక్కకు 6 సెకన్ల నిడివి ఆపిల్ సంస్థ చేసిన సూచన. చాలాచోట్ల అంతకంటే చిన్నవి కూడా వాడతారు. లెక్క సులువుగా ఉండటానికి 6 సెకన్లే అనుకుందాం. ఆ పద్ధతి నియమం ప్రకారం యాప్ తాజా ముక్కను పట్టుకుని ఆడించకూడదు. సర్వర్ ఇచ్చే ముక్కల జాబితా చివరి నుంచి కనీసం మూడు ముక్కల నిడివి వెనక్కి వెళ్లి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. అక్కడికే 18 సెకన్లు. ముక్కను రకరకాల నాణ్యతల్లో తయారుచేసి వివిధ నగరాల్లోని సర్వర్లకు చేర్చడానికి ఒక మూడు, నాలుగు సెకన్లు వేసుకోండి. పైగా మీరు యాప్ తెరిచిన క్షణానికి తాజా ముక్క అప్పుడే వచ్చి ఉండవచ్చు, లేదా వచ్చి అయిదారు సెకన్లు గడిచి ఉండవచ్చు. ఒకే ఇంట్లో రెండు ఫోన్లు ఒకే యాప్‌లో ముందూ వెనకా నడవడానికి ఒక కారణం ఇదే. అన్నీ కలిపితే 21 నుంచి 28 సెకన్లు. కేబుల్‌కు అయిదారు సెకన్లు తీసేసినా మీరు పక్కింటికంటే 15 నుంచి 23 సెకన్లు వెనక ఉంటారు. బంతికీ బంతికీ మధ్య అర నిమిషం అటూఇటూగా పడుతుంది కాబట్టి, వాళ్లు కేక వేసే సమయానికి మీ బౌలర్ ఇంకా వెనక్కి నడుస్తూనే ఉంటాడు.

ముక్కలను ఇంకా చిన్నవి చేయవచ్చు కదా అని అడగవచ్చు. 2019లో ఆపిల్ ప్రకటించిన తక్కువ ఆలస్యపు హెచ్‌ఎల్‌ఎస్ చేసేది అదే. ముక్క పూర్తికాకముందే దాన్ని చిన్న చిన్న భాగాలుగా పంపి, ఆలస్యాన్ని కొన్ని సెకన్లకు దించుతుంది. కానీ యాప్ దగ్గర నిల్వ తక్కువగా ఉంటే, నెట్ కాస్త తడబడినా బొమ్మ ఆగిపోతుంది. 2023 ప్రపంచకప్ ఫైనల్‌ను డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. అంతమందికి బొమ్మ ఆగకుండా ఉండటం ముఖ్యమా, పది సెకన్లు ముందు చూపించడం ముఖ్యమా అంటే ప్రసారం చేసేవాళ్లు మొదటిదాన్నే ఎంచుకుంటారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే ఎంచుకుంటాను. ఏదేమైనా ఆ నిర్ణయం పంపేవైపే జరగాలి. దాన్ని మార్చే మీట మీ రిమోట్‌లో లేదు.

ప్లాన్ పెంచడం గురించి కచ్చితంగా చెబుతాను, దయచేసి దీనికోసం డబ్బు పెట్టకండి. 6 ఎంబీపీఎస్ నాణ్యతతో వచ్చే 6 సెకన్ల ముక్క 36 మెగాబిట్లు. మీ 100 ఎంబీపీఎస్ లైనులో అది దిగడానికి 0.36 సెకను పడుతుంది, 300 ఎంబీపీఎస్‌లో 0.12 సెకను. మీకు మిగిలేది పావు సెకను. ఆ పావు సెకను కూడా తెరమీద కనిపించదు, ఎందుకంటే యాప్ ఎలాగూ మూడు ముక్కల వెనకే ఉంటుంది. టీవీలోని గేమ్ మోడ్ కూడా సెకనులో కొద్ది భాగాన్నే తగ్గిస్తుంది.

ఇక ఇంట్లో పోగయ్యే ఆలస్యం. బ్రాడీపేటలో ఒకరింట్లో హాల్లో కేబుల్, పడకగదిలో యాప్. మ్యాచ్ మొదట్లో తేడా 20 సెకన్లు ఉండేదని, రెండో ఇన్నింగ్స్‌కు 40 దాటుతోందని చెప్పారు. వెళ్లి చూస్తే రౌటర్ ఇనుప బీరువా వెనక ఉంది, టీవీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలిపి ఉంది. అపార్ట్‌మెంట్‌లో చుట్టుపక్కల రౌటర్లన్నీ అదే బ్యాండ్‌లో కిక్కిరిసి ఉన్నాయి. బొమ్మ అప్పుడప్పుడూ మూడు, నాలుగు సెకన్లు ఆగి గుండ్రం తిరిగేది. అలా ఆగిన ప్రతిసారీ ఆ యాప్ మ్యాచ్‌ను ఆగినచోటి నుంచే కొనసాగించేది, ముందుకు దూకేది కాదు. కాబట్టి ఆగినంతసేపూ ఆలస్యానికి కలుస్తూ వచ్చింది. యాప్ నుంచి బయటికి వచ్చి మళ్లీ మ్యాచ్ తెరవగానే తేడా 20 దగ్గరికి దిగింది. తర్వాత టీవీకి లాన్ వైరు వేశాం. మ్యాచ్ చివరిదాకా అది 20 దగ్గరే నిలిచింది. నాణ్యతను ఆటో నుంచి 720పీకి మార్చి కూడా చూశాం. ఆ 20 ఏమీ తగ్గలేదు. వైఫై మీద ఉన్నప్పుడు మాత్రం బొమ్మ ఆగడం తగ్గింది. నాణ్యత తగ్గించడం వల్ల ప్రయోజనం అంతవరకే.

మీ ఇంట్లో ఏది జరుగుతోందో తెలుసుకోవాలంటే కొలవండి. యాప్‌ను కొత్తగా తెరిచి, పక్కింటివాళ్లకు ఫోన్ చేసి, బౌలర్ చేతినుంచి బంతి వదిలిన క్షణం చెప్పమనండి. ఆ మాట వినగానే స్టాప్‌వాచ్ నొక్కి, అదే బంతి మీ తెరమీద వదలగానే ఆపండి. గంట తర్వాత, యాప్ మూయకుండా మళ్లీ కొలవండి. రెండూ దగ్గరగా ఉంటే మీ ఇంట్లో లోపం లేదు, అది ప్రసారంలోని ఆలస్యమే. రెండోది అయిదారు సెకన్లకు మించి పెరిగితే టీవీకి లాన్ వైరు వేయండి, కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. తెరమీద LIVE గుర్తు రంగు మారి కనిపిస్తే దాన్ని నొక్కండి. మధ్యలో పాజ్ చేసి ఉంటే దాంతోనే సరిపోతుంది. అది లేని యాప్‌లో బయటికి వచ్చి మళ్లీ తెరవడమే దారి.

స్థానిక టోర్నమెంట్లను యూట్యూబ్‌లో చూస్తుంటే Stats for nerds తెరవండి, అక్కడ Live Latency దగ్గర ఆలస్యం సెకన్లలో కనిపిస్తుంది. అక్కడ కూడా తక్కువ ఆలస్యాన్ని ఎంచుకోవలసింది ప్రసారం పెట్టినవారే.

ఫోన్‌లో స్కోరు యాప్‌ల నోటిఫికేషన్లు మ్యాచ్ సమయంలో ఆపేయండి. అవి నాలుగు అక్షరాల సమాచారం, వీడియో ముక్కల్లా నిండేదాకా ఆగవు. పక్కింటి కేకకంటే ముందే వికెట్ సంగతి చెప్పేస్తాయి.