నలుగురికీ ఒకే మార్కులా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. గుణుపురంలో బీటెక్ సివిల్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వంశధార నీటి నాణ్యతపై నలుగురం ప్రాజెక్టు చేశాం. పని చాలావరకు నేనూ, ఇంకో అమ్మాయీ చేశాం. మార్కులు మాత్రం అందరికీ సమానంగా వేస్తారట. గైడ్‌కు ఉత్తరం రాస్తే చాడీలు చెప్పినట్టు ఉంటుందేమోనని భయంగా ఉంది.

జవాబు: రాయండి, కానీ వైవా కంటే ముందే. మార్కులు యూనివర్సిటీకి వెళ్లిపోయాక గైడ్‌కు మీ మాట సబబనిపించినా సవరించడం కష్టం.

‘తొంభై శాతం నేనే చేశాను’ అని రాస్తే ఆయన ముందు ఆ అంకెనే అనుమానిస్తారు. శాతాలు వదిలేసి పనులు చెప్పండి. ఉత్తరం ఇంగ్లీషులో ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి విషయం మాత్రం ఇక్కడ రాస్తున్నాను:

“గౌరవనీయులైన సర్, మా బృందంలో నమూనాల సేకరణ, కరిగిన ఆక్సిజన్ పరీక్షలు నేను చేశాను. పీహెచ్, కాఠిన్యం పరీక్షలు నా సహాధ్యాయిని చేసింది. మిగిలిన ఇద్దరిలో ఒకరు పటాలు గీశారు, ఒకరు మొదటి అధ్యాయం రాశారు. ల్యాబ్ రిజిస్టరులో మా పేర్లున్న పేజీల నకళ్లు జతచేశాను. వైవాలో ఒక్కొక్కరినీ విడిగా ప్రశ్నించి, ఎవరి పనికి తగిన మార్కులు వారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.”

ఆ ఇద్దరి కాస్త పనినీ ఎందుకు రాయమన్నానంటే, గైడ్ వాళ్లనూ పిలిచి అడుగుతారు. అప్పుడు పటాల సంగతి మీరు దాచినట్టు తేలితే మిగతా ఉత్తరమంతా తేలిపోతుంది. మీ బృందంలో తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ కలిసి ఉంటే, భాష ప్రస్తావన ఒక్క మాట కూడా రానివ్వకండి. మన సరిహద్దు ఊళ్లలో అది వస్తే అసలు విషయం పక్కకు పోతుంది.

రిపోర్టు గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే Version history లో ఎవరు ఎప్పుడు టైపు చేశారో కనిపిస్తుంది. కానీ అందరూ ఒకే లాగిన్ వాడితే ఒకే పేరు పడుతుంది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు టైపు చేసినా అంతే. కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు.

విడిగా వైవా అడగమన్నది అందుకే. ‘ఆక్సిజన్ సీసాలో మాంగనీస్ సల్ఫేటు, క్షార అయొడైడు నది ఒడ్డునే ఎందుకు కలిపారు?’ అని గైడ్ అడిగారనుకోండి. ల్యాబుకు తెచ్చేలోపు నీటిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడేస్తాయనీ, కలిపిన వెంటనే గోధుమరంగు మడ్డి దిగిందనీ మీరు తడుముకోకుండా చెబుతారు. ఒడ్డుకు రానివారు రిపోర్టులో ఉన్న పద్ధతి పేరు చెప్పి ఆగిపోతారు. తేడా గైడ్‌కు తానే తెలుస్తుంది, మీరు ఎవరి మీదా ఫిర్యాదు చేయనక్కర్లేదు.

ఇచ్చేముందు ఉత్తరం మిగతా ముగ్గురికీ చూపించండి. కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, అయినా తప్పదు. గైడ్‌ను దాటి నేరుగా విభాగాధిపతి దగ్గరకు వెళ్లకండి. వారం గడిచినా జవాబు రాకపోతే, అప్పుడు నకలు పట్టుకుని వెళ్లండి.