ఎంత కావాలో రాయని ఉత్తరం

ప్రశ్న: సార్, విజయనగరంలో ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్ చదువుతున్నాను. డిసెంబరులో మా కాలేజీలో రెండు రోజుల టెక్ ఫెస్ట్. "మీ సీఎస్ఆర్ నిధుల నుంచి తోచినంత సాయం చేయండి, మీ బ్యానర్ కడతాం" అని బైకుల షోరూములతో కలిపి 30 చోట్ల ఉత్తరాలిచ్చాం. ఒక్కరూ పలకలేదు. కిందటేడు 600 మంది వచ్చారు. ఎక్కడ తప్పు చేశాం?

జవాబు: ముందు సీఎస్ఆర్ మాట తీసెయ్యి. సీఎస్ఆర్ అంటే లాభంలో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టే బాధ్యత. కంపెనీల చట్టం ప్రకారం అది ఏడాదికి 5 కోట్ల లాభమో, 1000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర విలువో ఉన్న కంపెనీలదే. ఊళ్లో బైకుల షోరూముకు సాధారణంగా ఆ లెక్క వర్తించదు. వర్తించే పెద్ద కంపెనీ అయినా, తన సరుకు ప్రచారానికి ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్ఆర్‌లో చూపించకూడదు. నువ్వేమో ఒకే వాక్యంలో రెండూ రాశావు. నువ్వడగాల్సింది వాళ్ల ప్రచార ఖర్చులోంచి.

ఇక "తోచినంత". షోరూము మేనేజరుకు సొంతంగా డబ్బిచ్చే అధికారం ఉండదు, ఓనర్ని అడగాలి. ఎంతో తెలియని ఉత్తరం పట్టుకుని ఆయన్ని ఏమడుగుతాడు? సొరుగులో పడేస్తాడు.

600 మంది అన్నావు, వాళ్లెవరు? కిందటేటి రిజిస్ట్రేషన్ షీట్ తీసి కూర్చో. ఫైనలియర్ వాళ్లు ఎంతమంది, బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం నుంచి ఎంతమంది వచ్చారు, లెక్కపెట్టు. రేపో మాపో ఉద్యోగంలో చేరి బండి కొనే కుర్రాళ్లే షోరూముకు కావాలి. ఆ సంఖ్య 210 తేలిందనుకో, ఉత్తరం ఇలా రాయొచ్చు:

"కిందటేడు మా ఫెస్ట్‌కు వచ్చిన 600 మందిలో 210 మంది ఫైనలియర్ విద్యార్థులు. ఈసారి రోబోటిక్స్ పోటీ మీ పేరుతో జరపాలనుకుంటున్నాం. ఇందుకు రూ.25,000 కోరుతున్నాం: బహుమతులకు 15,000, పోటీ ట్రాకుకు 10,000. రెండు రోజులూ పార్కింగ్ గేటు పక్కన మీ స్టాలుకూ టెస్ట్ రైడుకూ చోటిస్తాం. మరో బైకుల షోరూమును తీసుకోం. నవంబరు 10లోగా తెలియజేయగలరు. చెక్కు కాలేజీ పేరున."

ఇరవై బ్యానర్ల మధ్య ఇంకో బ్యానర్ ఎవరి కంటా పడదు. మేనేజరు కళ్లు ఆగేది ఆ గేటు పక్క స్టాలు దగ్గరే. అయితే ప్రిన్సిపాల్ అనుమతి రాతలో వచ్చాకే ఆ మాట రాయి. లైసెన్సు చూడకుండా టెస్ట్ రైడు వద్దని షోరూము వాళ్లతో ముందే అనుకోండి. విద్యార్థుల ఫోన్ నంబర్లు మాత్రం ఎంత అడిగినా మూకుమ్మడిగా ఇవ్వొద్దు. ఇష్టమున్నవాళ్లు స్టాలు దగ్గర వాళ్లే రాసిస్తారు.

డబ్బు ఎవరి ఫోన్‌పేలోకీ రాకూడదు. కాలేజీ ఖాతాకే, రసీదుతో. 25,000 ఎక్కువంటే బేరమాడకు. "బహుమతుల వరకు 15,000 ఇవ్వండి, ట్రాకు మేం చూసుకుంటాం, స్టాలు ఒక్కరోజే" అను. సొమ్ము తగ్గితే ఇచ్చేదీ తగ్గాలి.

దసరా, సిరిమానోత్సవం హడావుడిలో షోరూములో నీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. అది అయిన వారానికి, పొద్దున్నే బేరాలు మొదలవకముందు, నువ్వే వెళ్లి చేతికివ్వు.