A, B, C దొరికాకే అసలు లెక్క మొదలవుతుంది

"ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. పాక్షిక భిన్నాలతో చేసే సమాకలనాల్లో చివరికి లాగ్, టాన్ ఇన్వర్స్ రెండూ వచ్చే లెక్కలు ప్రతిసారీ తప్పుతున్నాయి. A, B, C త్వరగా కనుక్కునే షార్ట్‌కట్ ఏమైనా ఉంటే చెప్పండి."

A, B, C దగ్గర మీరు తప్పుతున్నారని నేను అనుకోను. ఈ లెక్కల్లో నేను చూసిన తప్పుల్లో చాలావరకు ఆ మూడూ సరిగ్గా వచ్చిన తర్వాత పడ్డవే. నాదీ అంతే.

మా కాలేజీలో ప్రీఫైనల్‌కి ఏడు మార్కుల ప్రశ్నగా 0 నుంచి 1 వరకు 1/(1+x³) సమాకలనం ఇచ్చారు. నేను రెండు పేజీలు రాశాను. A, B, C మూడూ కరెక్టే. చివర్లో జవాబు (1/3) log 2 − π/(3√3) అని రాసి కింద రెండు గీతలు కూడా కొట్టాను. పేపర్లు ఇచ్చేటప్పుడు మా లెక్కల సార్ నన్ను బల్ల దగ్గరికి పిలిచి, ఆ గీతల మీద వేలు పెట్టి, "దీని విలువ ఎంతరా?" అన్నారు. లెక్కగడితే 0.231 లోంచి 0.605 తీసేయాలి. మైనస్ 0.374 వచ్చింది.

సార్ ఏమీ అనలేదు. చాక్‌పీస్ నా చేతికిచ్చి, "ఈ ఫంక్షన్ బొమ్మ గీయి" అన్నారు. x = 0 దగ్గర ఎత్తు 1. x = 1 దగ్గర సగం. మధ్యలో మెల్లగా దిగుతుంది, ఎక్కడా x అక్షాన్ని ముట్టదు. గీశాక అడిగారు, "ఈ గీత కింద ఉన్న చోటు మైనస్ ఎలా అవుతుందిరా? తక్కువలో తక్కువ సగం, ఎక్కువలో ఎక్కువ ఒకటి. అంతకు బయట ఏది వచ్చినా అది జవాబు కాదు." ఇది జరిగి పదిహేనేళ్లు దాటింది. ఇప్పటికీ ఏ నిశ్చిత సమాకలనం చేసినా ముందు ఆ రెండు హద్దులు మార్జిన్‌లో రాసుకున్నాకే మొదలుపెడతాను.

నా తప్పు ఎక్కడ పడిందో చూపించాలంటే లెక్క మొత్తం వేయాలి. ముందు హారాన్ని విడగొట్టాలి.

x³ + 1 = (x + 1)(x² − x + 1)

రెండో కారణాంకం విచక్షణి 1 − 4 = −3. రుణాత్మకం కాబట్టి వాస్తవ సంఖ్యల్లో అది ఇక విడిపోదు. చివరికి టాన్ ఇన్వర్స్ వస్తుందని ఇక్కడే తెలిసిపోతుంది. విచక్షణి ధనాత్మకమై ఉంటే అది రెండు ఏకఘాత కారణాంకాలయ్యేది, అప్పుడు అన్నీ లాగ్‌లే వచ్చేవి.

1/(x³ + 1) = A/(x + 1) + (Bx + C)/(x² − x + 1)

అంటే 1 = A(x² − x + 1) + (Bx + C)(x + 1). ఇందులో x = −1 పెడితే 1 = 3A, కాబట్టి A = 1/3. x² గుణకాలు పోలిస్తే A + B = 0, కాబట్టి B = −1/3. స్థిరపదాలు పోలిస్తే A + C = 1, కాబట్టి C = 2/3. మీరడిగిన షార్ట్‌కట్ ఇదే, ఇంతకన్నా త్వరగా ఎవరికీ రాదు. వాడని x గుణకాన్ని చెకింగ్‌కి ఉంచుకోండి: −A + B + C సున్నా కావాలి. −1/3 − 1/3 + 2/3 = 0, సరిపోయింది.

1/(x³ + 1) = (1/3) · [ 1/(x + 1) − (x − 2)/(x² − x + 1) ]

ఇక్కడ ఇంకో పది సెకన్లు ఆగి ఒక విలువ పెట్టి చూడండి. x = 2 దగ్గర ఎడమవైపు 1/9. కుడివైపు రెండో పదం సున్నా అవుతుంది, మిగిలేది (1/3)(1/3) = 1/9. ఈ సరిచూసుకోవడం లేకుండా ముందుకు పోతే, తప్పు ఇక్కడ ఉందో సమాకలనంలో ఉందో చివర్లో తేల్చుకోలేరు.

ఇక అసలు మలుపు (x − 2)/(x² − x + 1) దగ్గర. హారం అవకలజం 2x − 1. లవంలో ఆ 2x − 1 ఎంత ఉందో ముందు బయటికి తీయాలి. సగం తీస్తే x వస్తుంది, మిగతాది సర్దుకోవాలి:

x − 2 = (1/2)(2x − 1) − 3/2

హారం అవకలజం ఉన్న ముక్క లాగ్ అవుతుంది. మిగిలిన ఒట్టి సంఖ్య టాన్ ఇన్వర్స్ అవుతుంది. ఈ పంపకం ఒక్కటి అర్థమైతే ఈ రకం లెక్కలన్నీ ఒకేలా కనిపిస్తాయి. నేను తప్పింది ఇక్కడే. ముందు నుంచీ (x − 2) కి ఒక మైనస్ ఉంది. ఆ మైనస్‌ని మొదటి ముక్కకి మాత్రమే ఇచ్చి, −3/2 ని అలాగే దింపేశాను. బ్రాకెట్ పెట్టి ఉంటే మైనస్ రెండింటికీ వెళ్లేది, −3/2 కాస్తా +3/2 అయ్యేది. అప్పుడు లెక్క ఇలా ఉండాలి:

∫ dx/(x³ + 1) = (1/3) log|x + 1| − (1/6) log(x² − x + 1) + (1/2) ∫ dx/(x² − x + 1)

ఇక్కడ నాకు పాత కోపం ఒకటి ఉంది. మా రోజుల్లో పాక్షిక భిన్నాలు 2ఏ పేపర్లో ఉండేవి, సమాకలనం 2బీ పేపర్లో. ఆ రెండూ ఒకే పనిలో భాగాలని చాలామందికి పరీక్షల నెలలో గానీ తెలిసేది కాదు. పైగా పాక్షిక భిన్నాల్లో A, B, C అని రాస్తాం. తర్వాత లవాన్ని అవకలజంతో పంచేటప్పుడు మళ్లీ px + q = A(2ax + b) + B అని అవే అక్షరాలు వాడతాం. ఒకే పేజీలో A కి రెండు విలువలు. పైనున్న A తెచ్చి కింద పెట్టేసిన వాళ్లను ఎంతమందిని చూశానో. రెండోసారి λ, μ వాడండి. అక్షరాలు మార్చినందుకు మార్కులు ఎవరూ తీయరు.

మిగిలిన సమాకలనానికి హారాన్ని పూర్ణ వర్గంగా మార్చాలి: x² − x + 1 = (x − 1/2)² + (√3/2)². సూత్రంలో a = √3/2 కాబట్టి 1/a అంటే 2/√3 ముందుకు వస్తుంది.

∫ dx/(x² − x + 1) = (2/√3) tan⁻¹((2x − 1)/√3)

ముందున్న 1/2 తో గుణిస్తే ఆఖరి పదం (1/√3) tan⁻¹((2x − 1)/√3). మొత్తం జవాబు:

(1/3) log|x + 1| − (1/6) log(x² − x + 1) + (1/√3) tan⁻¹((2x − 1)/√3) + c

మొదటి లాగ్‌కి మాడ్యులస్ కావాలి, ఎందుకంటే x + 1 రుణాత్మకం కావచ్చు. రెండోదానికి అక్కర్లేదు, x² − x + 1 ఎప్పుడూ ధనాత్మకమే. అన్నిటికీ అలవాటుగా మాడ్యులస్ పెట్టేవాళ్లకు ఈ తేడా చెప్పించుకోవాలన్న ఆలోచనే రాదు.

0 నుంచి 1 వరకు వేస్తే రెండో లాగ్ రెండు చివర్లా సున్నా. టాన్ ఇన్వర్స్ π/6 నుంచి −π/6 తీసేస్తే π/3. జవాబు (1/3) log 2 + π/(3√3), అంటే సుమారు 0.836. సగానికీ ఒకటికీ మధ్యలోనే ఉంది.

కానీ ఈ హద్దులు అన్ని తప్పుల్నీ పట్టవు. కిందటేడాది మా అక్క కూతురికి ఇదే లెక్క ఇస్తే 2/√3 వేయడం మర్చిపోయి (1/2) tan⁻¹((2x − 1)/√3) అని రాసింది. "మామయ్యా, 0.755 వచ్చింది, హద్దుల్లోనే ఉందిగా" అంది. నిజమే, హద్దుల్లోనే ఉంది. అప్పుడు రెండు ట్రెపీజియాలు గీయించాను. ఎత్తులు 1, 8/9, 1/2. వైశాల్యం కలిపితే 0.82 దాకా వచ్చింది. 0.836 దానికి దగ్గర, 0.755 దూరం. ఇక ఆ పదం ఒక్కదాన్నే అనుమానించి x = 1/2 దగ్గర అవకలనం చేయమన్నాను, అక్కడ టాన్ ఇన్వర్స్ లోపలిది సున్నా కాబట్టి లెక్క తేలిక. తను రాసినదానికి 1/√3 వచ్చింది. రావాల్సింది (1/2) ÷ (3/4) = 2/3. తప్పు ఏ పదంలో ఉందో తనే చూపించింది.

ఇంకొక్క మాట, హారం విడగొట్టడం గురించి. మనం సులువనుకుని దాటేసే ఆ మొదటి అడుగులోనే లైబ్నిజ్ అంతటివాడు 1702లో ఆగిపోయాడు. x⁴ + a⁴ వాస్తవ వర్గ కారణాంకాలుగా విడిపోదనీ, కాబట్టి 1/(x⁴ + a⁴) సమాకలనం లాగ్‌లతోనూ టాన్ ఇన్వర్స్‌తోనూ రాదనీ అనుకున్నాడు. విడిపోతుందని 1719లో నికొలస్ బెర్నూలీ చూపించాడు. a = 1 అయితే x⁴ + 1 = (x² + 1)² − 2x², అంటే (x² + √2x + 1)(x² − √2x + 1). హారంలో x పదం లేదని, మూలాలు వాస్తవం కావని "ఇది విడిపోదు" అనేయకండి. ఘాతం రెండు దాటితే వాస్తవ గుణకాలున్న ఏ బహుపదైనా విడిపోతుంది. కారణాంకాలు కంటికి కనపడకపోవచ్చు, అంతే.

మీరు ఇప్పుడు ∫ dx/(x³ − 1) చేయండి. A = 1/3, B = −1/3, C = −2/3 వస్తాయి. x = 0 పెట్టి −1 వస్తోందా అని చూసుకోండి. ఈసారి లవం −(x + 2), దాన్ని పంచితే x + 2 = (1/2)(2x + 1) + 3/2. బయటి మైనస్ రెండు ముక్కలకూ వెళ్తుంది కాబట్టి ఇక్కడ టాన్ ఇన్వర్స్ ముందు మైనసే ఉండాలి: −(1/√3) tan⁻¹((2x + 1)/√3). నా పేపర్లో తప్పైన గుర్తు ఈ లెక్కలో ఒప్పు. మీకు ఇక్కడ ప్లస్ వస్తే ఆ బ్రాకెట్ దగ్గరికి వెనక్కి వెళ్లండి.