అర్థం సరిగ్గానే ఉంది, శాంపిల్ ఎందుకు తిప్పి పంపారు?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం. రెండేళ్లుగా ఇండోనేసియా భాష నేర్చుకుంటున్నాను. ఆ భాషలో ఉన్న ఒక ఎకనామిక్స్ లెక్చర్‌కు తెలుగు సబ్‌టైటిళ్లు శాంపిల్‌గా చేసి పంపాను. లైనుకు 42 అక్షరాలు, రెండు లైన్లు, సెకనుకు 17 అక్షరాలు దాటకూడదన్నారు. అర్థం బాగుంది కానీ చాలాచోట్ల వేగం దాటిందని వెనక్కి పంపారు. ఈ పని నాకు కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. మీరు అనువాదం చేసి, తర్వాత దాన్ని టైములో ఇరికించారు. ముందు టైము చూసుకుని, అందులో పట్టే వాక్యం రాయాలి.

మొదట క్లయింట్‌ను ఒక్క మాట అడగండి: అక్షరాలు ఎలా లెక్కిస్తారు? "ద్రవ్యోల్బణం" మన కంటికి నాలుగక్షరాలు. కానీ హల్లు, పొల్లు, గుణింతం, సున్నా విడివిడిగా లెక్కించే సాఫ్ట్‌వేర్‌కు అది 12. మీరు నాలుగనుకుని రాస్తే, వాళ్ల దగ్గర ఎర్రగీత పడుతుంది. జవాబు వచ్చేదాకా పెద్ద లెక్కే పట్టుకోండి. స్పేసులు, కామాలు కూడా కలిపే లెక్కించండి.

ఇలాంటి లెక్చర్లలో తరచూ వచ్చే వాక్యం ఒకటి చూద్దాం. "జాది, కలావ్ బాంక్ ఇండోనేసియా మెనాయిక్కన్ సుకు బుంగా అచువాన్, బుంగా క్రెదిత్ ది బాంక్ జుగా ఇకుత్ నాయిక్." దీనికి 4.8 సెకన్లు పట్టిందనుకుందాం. 17తో గుణిస్తే మీకున్నది 81 అక్షరాలు. ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే "కాబట్టి బ్యాంక్ ఇండోనేసియా ప్రామాణిక వడ్డీ రేటును పెంచినట్లయితే, బ్యాంకుల రుణాల మీద వడ్డీ కూడా దాంతోపాటు పెరుగుతుంది." అని వస్తుంది. ఇది 117 అక్షరాలు. వేగం మాట అటుంచితే, రెండు లైన్లకు ఉన్న 84లోనే పట్టదు.

ఇక్కడ ఏది కోయాలో తెలియడమే అసలు పని. "జాది" అంటే "కాబట్టి". మాస్టారు ఊపిరి తీసుకోవడానికి వాడే మాట, తీసేయొచ్చు. రెండో లైన్లో వడ్డీ ఎలాగూ వస్తోంది కనుక మొదటి లైన్లో "కీలక రేటు" చాలు. "జుగా ఇకుత్" అంటే "కూడా దాంతోపాటు", ఆ భావాన్ని "పైనా" మోస్తుంది. పెంచడానికీ పెరగడానికీ మధ్య ఉన్న కారణాన్ని మాత్రం ముట్టుకోకండి. పాఠమంతా అందులోనే ఉంది.

తర్వాతి ముక్క: "సెహింగ్గా ఓరాంగ్ మెంగురాంగి పింజామన్ దాన్ పెర్మింతాఆన్ బారాంగ్ తురున్." 3.4 సెకన్లు, అంటే 57 అక్షరాలు. "దాంతో జనం అప్పులు తగ్గిస్తారు, సరుకులకు గిరాకీ తగ్గుతుంది" అంటే సరిగ్గా 57 వస్తుంది, కానీ "గిరాకీ" నేను ఒప్పుకోను. ఇంటర్ పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట డిమాండ్. ఈ లెక్చర్లోనే తర్వాత డిమాండ్ వ్యాకోచత్వం వస్తే, చూసేవాళ్లకు గిరాకీ వేరు, డిమాండ్ వేరు అనిపిస్తుంది. డిమాండ్ పెడితే 58, ఒక్కటి ఎక్కువ. అప్పుడు "జనం" తీసేయండి. "తగ్గిస్తారు"లోని "రు" ఆ పని చేస్తుంది.

```
41
00:03:12,400 --> 00:03:17,200
బ్యాంక్ ఇండోనేసియా కీలక రేటు పెంచితే
బ్యాంకు అప్పులపైనా వడ్డీ పెరుగుతుంది.

42
00:03:17,300 --> 00:03:20,700
దాంతో అప్పులు తగ్గిస్తారు,
సరుకులకు డిమాండ్ తగ్గుతుంది.
```

మొదటిది 73, రెండోది 54. రెండూ సెకనుకు 16 లోపే. లైను ఎక్కడ విరిగిందో కూడా గమనించండి: "పెంచితే" దగ్గర, అంటే ఊహ ముగిసిన చోట. "కీలక" ఒక లైన్లో, "రేటు" ఇంకో లైన్లో పడితే లెక్క సరిపోయినా చదువరి కన్ను వెనక్కి వెళ్తుంది. ఫైలు పూర్తయ్యాక శబ్దం ఆపేసి ఒకసారి చూడండి. మీరే రెండోసారి చదవాల్సి వచ్చిన ప్రతి చోటా తిరగరాయాల్సిందే.

ఇలాంటి పనులు చాలావరకు మధ్యలో ఇంగ్లీషు టెంప్లేట్ పెట్టుకుని చేయిస్తారు. నేరుగా ఇండోనేసియా నుంచి చేసేవాళ్ల విలువ తెలిసేది చిన్న మాటల్లో. "కితా" అంటే మనం, "కామి" అంటే మేము. తెలుగులోనూ ఆ తేడా ఉంది, ఇంగ్లీషు మీదుగా వస్తే పోతుంది.

అంకెల దగ్గర తప్పు దొర్లితే మాత్రం ఎంత మంచి తెలుగైనా కాపాడదు. "జుతా" పది లక్షలు, "మిలియార్" వంద కోట్లు, "త్రిలియున్" లక్ష కోట్లు. మిలియార్‌ను మిలియన్‌గా వింటే వెయ్యి రెట్లు తేడా. స్లైడ్ మీద 2,5 అంటే రెండున్నర, 15.000 అంటే పదిహేను వేలు. వాళ్ల కామా మన చుక్క, వాళ్ల చుక్క మన కామా. డబ్బును "రూపియా" అనే రాయండి, "రూపాయలు" అంటే మన డబ్బనుకుంటారు. శాంపిల్ మళ్లీ పంపే ముందు అంకె ఉన్న ప్రతి సబ్‌టైటిల్‌నూ స్లైడ్‌తో పక్కపక్కన పెట్టి సరిచూడండి.