తొంభై సెకన్ల ఆడియో కోసం

అమ్మాయీ,

నీ 40 స్లైడ్లూ చదివాను. రొయ్యల కోల్డ్ స్టోరేజీలో కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందో చక్కగా పట్టుకున్నావు. కానీ మీ డైరెక్టరు గారు వాటిని చూడరు. గాజువాక నుంచి సిరిపురానికి కారు నడుపుతూ వింటారు. ఎన్‌ఏడీ కూడలి రద్దీలో ఒక మాట చెవిన పడకపోతే వెనక్కి వెళ్లి వినే వీలు ఆయనకు ఉండదు.

ముందు స్లైడ్లు పక్కన పెట్టు. విన్నాక ఆయన ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాయి. నీ దగ్గర ఆ వాక్యం 33వ స్లైడులో ఉంది. నువ్వు విషయం తెలుసుకున్న వరుసలో స్లైడ్లు పేర్చావు, వినేవారికి ఆ వరుస అక్కరలేదు. తేల్చిన మాట ముందు రావాలి. అయితే ఆడియో మొదలైన క్షణంలో ఆయన ధ్యాస ఇంకా రోడ్డు మీదే ఉంటుంది, అందుకే విషయం పేరు చెప్పి, ఆ తర్వాత అసలు మాట అందుకో:

"కోల్డ్ స్టోరేజీ కరెంటు బిల్లు గురించి అండీ. తలుపులకు ప్లాస్టిక్ కర్టెన్లు, అలారాలు పెట్టడానికి ఆరు లక్షలు మంజూరు చేయమని కోరుతున్నాం. ఏడాదిలో బిల్లు దాదాపు ఐదో వంతు పెరిగింది. లోడింగు జరిగేటప్పుడు తలుపులు తెరిచే ఉంటున్నాయి. బయటి వేడి గాలి లోపలికి వస్తోంది, కంప్రెసర్లు ఆగకుండా తిరుగుతున్నాయి."

నువ్వు రాసిన 18.4 శాతం ఇక్కడ ఐదో వంతు అయింది. దశాంశాలు కంటికి పనికొస్తాయి, చెవిలో నిలవవు. మొత్తం ఆడియోలో రెండు అంకెలు చాలు: పెరుగుదల, ఖర్చు. మైనస్ 18 డిగ్రీల సంగతి ఆయనకు తెలుసు, వదిలెయ్యి. "ఈ గ్రాఫులో చూస్తే" అనే మాట ఎక్కడా రానీయకు. గ్రాఫు ఏం చెబుతోందో దాన్నే చెప్పు: లోడింగు రోజుల్లోనే వాడకం ఎగబాకింది.

ఒక్కటి మాత్రం కోత పెట్టకు. నీ కొలతలు వేసవి నెలలవే, చలికాలంలో ఆదా తగ్గవచ్చు. చోటు లేదని దీన్ని తీసేస్తే ఆయన తప్పు లెక్కతో నిర్ణయం తీసుకుంటారు. దీని కోసం కంపెనీ పరిచయం, పాత నెలల పోలికలు మొత్తం తీసేసినా నాకు అభ్యంతరం లేదు. చివర "ఆరు లక్షల మంజూరు" అన్న మాటను మళ్లీ అవే పదాలతో చెప్పు. పదాలు మారిస్తే అది వేరే ఖర్చేమో అనుకుంటారు.

నింపాదిగా చదివితే తొంభై సెకన్లలో 150, 160 మాటలకు మించి పట్టవు. ఎక్కువైతే వేగం పెంచకు, వాక్యం తీసెయ్యి. తర్వాత ఇంట్లో ఎవరైనా కూరగాయలు తరుగుతున్నప్పుడు ఫ్యాను వేసి ఒక్కసారే వినిపించు. ఏం అడిగారని ప్రశ్నించు. "బిల్లు పెరిగిందట" అని మాత్రమే చెబితే మొదటి రెండు వాక్యాలు మళ్లీ రాయాలి. "ఆరు లక్షలు కావాలట, తలుపులకు" అంటే ఆయన బయలుదేరక ముందే పంపించు. 33వ స్లైడు ఆఫీసుకు వచ్చాక చూడమని మెసేజ్‌లో రాయి.

బాబాయి